చేరే తేదీ మార్చమని అడగడం ఎలా?
సంతకానికి ముందే విన్నపం.. షరతుగా మారితే చిక్కు
తెలుగులో అయిదు వాక్యాలు రాసుకుంటే ఆంగ్ల ఈ-మెయిల్ సులువు

నారాయణఖేడ్: ఉద్యోగం వచ్చిందన్న సంతోషం ఒకవైపు, చెప్పిన తేదీకి చేరలేమన్న బెంగ మరొకవైపు. డిగ్రీ పూర్తిచేసి హైదరాబాద్, సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతాల్లో ప్రైవేటు కొలువులు సంపాదిస్తున్న ఈ ప్రాంత యువతకు తరచుగా ఎదురయ్యే ఇబ్బంది ఇది. ఆఫర్ లెటర్ ఈ-మెయిల్‌లో వస్తుంది. పది, పన్నెండు రోజుల్లో చేరాలని అందులో ఉంటుంది. అప్పటికే మరొకచోట పనిచేస్తున్నవారు నెల రోజుల నోటీసు ఇవ్వనిదే కదలలేరు. గడువు పొడిగించమని అడగాలంటే ఆంగ్లంలో రాయాలి. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ కలగలిసి వినిపించే ఈ సరిహద్దు ప్రాంతంలో నాలుగు భాషలు మాట్లాడగలిగినవారు కూడా అయిదో భాషలో ఉత్తరం రాయవలసి వచ్చేసరికి వెనుకాడుతుంటారు. ఫలితంగా కొందరు అడగకుండానే ఊరుకుంటున్నారు. మరికొందరు నెట్ సెంటర్‌లో ఎవరితోనో రాయించి పంపి, అందులో ఏముందో తెలియక చిక్కుల్లో పడుతున్నారు.

అడగడంలో తప్పేమీ లేదు. అయితే ఎప్పుడు అడగాలి, ఏ మాటలతో అడగాలి అన్నది ముఖ్యం. నారాయణఖేడ్ మండలానికి చెందిన ఒక కామర్స్ పట్టభద్రురాలి అనుభవం ఇందుకు ఉదాహరణగా నిలుస్తుంది. ఆమె కోరిక మేరకు పేరు, సంస్థల పేర్లు ఇవ్వడం లేదు.

జరిగింది ఇదీ..
ఆమె సంగారెడ్డిలోని ఒక చిన్న సంస్థలో నెలకు రూ.15 వేల జీతంపై లెక్కల విభాగంలో పనిచేస్తుండేవారు. హైదరాబాద్‌లోని మరో సంస్థకు ఇంటర్వ్యూ ఇచ్చారు. 2025 జూన్ 12, గురువారం సాయంత్రం ఆఫర్ లెటర్ వచ్చింది. జూన్ 23, సోమవారం విధుల్లో చేరాలని, సమ్మతి తెలియజేస్తూ సంతకం చేసిన ప్రతిని జూన్ 16, సోమవారం సాయంత్రం 5 గంటలలోగా పంపాలని అందులో ఉంది. ఆమె పాత సంస్థ నియామక పత్రంలో మాత్రం 30 రోజుల నోటీసు తప్పనిసరి అని ఉంది.

మొదట ఆమె చేసిన పని లెక్క వేసుకోవడం. కొత్త సంస్థ మాట ఖరారు కాకముందే రాజీనామా ఇస్తే రెంటికీ చెడే ప్రమాదం ఉంది. కాబట్టి జూన్ 16న ఖరారైతే అదే రోజు రాజీనామా ఇవ్వాలని నిర్ణయించుకున్నారు. మరుసటి రోజు, అంటే జూన్ 17 నుంచి లెక్కిస్తే ఆ నెలలో 14 రోజులు, జులైలో 16 రోజులు కలిపి 30 రోజులు. చివరి పనిదినం జులై 16, బుధవారం అవుతుంది. సంస్థలు సాధారణంగా కొత్తవారిని సోమవారం చేర్చుకోవడానికి ఇష్టపడతాయి. అందువల్ల ఆమె అడగవలసిన తేదీ జులై 21, సోమవారం.

అది కుదరకపోతే ఎంతవరకు తగ్గగలరన్నది రెండో లెక్క. పాత నియామక పత్రంలో నోటీసు తక్కువైతే ఆ రోజుల వేతనం చెల్లించి వెళ్లవచ్చన్న నిబంధన ఉంది. జులై 14, సోమవారం కొత్తచోట చేరాలంటే జులై 11, శుక్రవారమే పాతచోట చివరి రోజు కావాలి. ఆదివారం పోగా 12, 14, 15, 16 తేదీలు నాలుగు పనిదినాలు తగ్గుతాయి. నెలకు 26 పనిదినాల లెక్కన నాలుగు రోజుల వేతనం సుమారు రూ.2,300. ఆ మాత్రం నష్టం భరించవచ్చని ఆమె తేల్చుకున్నారు. ఈ రెండు తేదీలు చేతిలో ఉన్న తరువాతే ఉత్తరానికి కూర్చున్నారు.

సంతకం చేసి అడగాలా? అడిగి సంతకం చేయాలా?
ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. జూన్ 23న చేరడం అసాధ్యమని తెలిసి కూడా ముందు సంతకం చేసి పంపి, తరువాత మెల్లగా అడుగుదామనుకుంటారు. సంతకం చేస్తే ఆ పత్రంలోని తేదీకి ఒప్పుకున్నట్లే. ఈ-మెయిల్ ద్వారా జరిగింది కదా అని తేలికగా తీసుకోరాదు. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 10ఎ సెక్షన్ చెబుతోంది.

మరికొందరు దీనికి విరుద్ధంగా ‘జులై 21 అయితేనే అంగీకరిస్తాను’ అని రాస్తారు. ఇది మరో చిక్కు. అంగీకారం సంపూర్ణంగా, షరతులు లేకుండా ఉండాలని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ఏడో సెక్షన్ చెబుతోంది. షరతుతో కూడిన జవాబు అంగీకారం కాదు, అది ఎదురు ప్రతిపాదన. ఎదురు ప్రతిపాదన వెళ్లిన క్షణాన మొదటి ప్రతిపాదన రద్దయినట్లు లెక్క.

ఈ తేడాను ఇంగ్లండు న్యాయస్థానాలు రెండు పాత కేసుల్లో తేల్చాయి. న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ వాటిని చదువుతారు. 1840 నాటి ‘హైడ్ వర్సెస్ రెంచ్’ కేసులో ఒకరు తన పొలాన్ని వెయ్యి పౌండ్లకు అమ్ముతానన్నారు. కొనేవారు 950 ఇస్తామన్నారు. అమ్మేవారు ఒప్పుకోలేదు. సరే, వెయ్యికే కొంటామని కొనేవారు మళ్లీ వచ్చినా ఫలితం లేకపోయింది. 950 అన్నప్పుడే వెయ్యి పౌండ్ల మాట ముగిసిపోయిందని కోర్టు తేల్చింది. 1880 నాటి ‘స్టీవెన్సన్ వర్సెస్ మెక్లీన్’ కేసు ఇనుము అమ్మకానికి సంబంధించినది. టన్ను 40 షిల్లింగులకు నగదుపై ఇస్తామన్నారు. కొనేవారు అదే ధరకు రెండు నెలల వ్యవధిలో సరుకు ఇవ్వగలరా అని తంతి ద్వారా అడిగారు. ఇది తిరస్కారం కాదు, కేవలం విచారణ మాత్రమే కాబట్టి మొదటి మాట నిలిచే ఉందని కోర్టు చెప్పింది.

ఉద్యోగార్థికి ఇందులో ఉన్న పాఠం స్పష్టం. ‘అయితేనే’ అన్నది షరతు. ‘వీలవుతుందా’ అన్నది విచారణ. అడగదలచుకున్నది ఒకటే అయినా రెండో రూపంలో అడిగితే చేతిలో ఉన్న ఆఫర్ చెదరదు. అయితే దీనికీ హద్దు ఉంది. మనం అంగీకారం తెలపకముందు సంస్థ తన ప్రతిపాదనను వెనక్కి తీసుకోవచ్చునని అదే చట్టంలోని అయిదో సెక్షన్ చెబుతోంది. కాబట్టి విచారణ పేరుతో రోజుల తరబడి నాన్చడం తగదు. జవాబు ఇవ్వవలసిన గడువులోగానే, వీలైతే ఆఫర్ వచ్చిన మరునాడే అడగాలి. చెప్పిన తేదీకి అవసరమైతే చేరగలిగినవారు మాత్రం ముందు బేషరతుగా ఒప్పుకొని, ఆ తరువాత వీలుంటే మార్చమని విడిగా కోరవచ్చు.

తెలుగులో ముసాయిదా
ఆమె నేరుగా ఆంగ్లంలో రాయడానికి ప్రయత్నించి రెండుసార్లు మధ్యలోనే వదిలేశారు. చివరకు నోటు పుస్తకంలో తెలుగులో అయిదు వాక్యాలు రాసుకున్నారు.

1. ఆఫర్ అందింది, సంతోషం, చేరాలని ఉంది.
2. చేరే తేదీ జూన్ 23 నుంచి జులై 21కి మార్చడం వీలవుతుందా?
3. ఇప్పటి సంస్థకు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఇది తేలాకే రాజీనామా ఇవ్వగలను.
4. అది ఆలస్యమనుకుంటే జులై 14న చేరగలను.
5. మీ జవాబు రాగానే సంతకం చేసి పంపుతాను. గడువు 16వ తేదీ సాయంత్రం అని గుర్తుంది.

మొదట ఆమె రాసుకున్న క్రమం ఇది కాదు. నోటీసు సంగతి, ఇంటి పరిస్థితి, పాత యజమాని స్వభావం అన్నీ ముందు చెప్పి, విన్నపం ఆఖరున పెట్టారు. ఇది మనకు అలవాటైన పద్ధతే. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. మన అర్జీల్లోనూ కారణాలన్నీ చెప్పుకున్న తరువాతే ‘కావున దయచేసి’ అంటూ అసలు కోరిక వస్తుంది. ఆంగ్లంలో వ్యవహారిక ఉత్తరానికి ఈ క్రమం నప్పదు. మానవ వనరుల విభాగంలో ఉన్నవారు రోజుకు పదుల సంఖ్యలో మెయిళ్లు చూస్తారు. సెల్‌ఫోన్ తెరపై మొదటి రెండు మూడు వరుసలే కనిపిస్తాయి. ఆ వరుసల్లో కష్టాల కథనమే కనిపిస్తే ఉద్యోగం వద్దంటున్నారేమోనని వారు అనుకునే అవకాశం ఉంది. అందువల్ల సమ్మతి మొదట, తేదీ తరువాత, కారణం ఆ తరువాత రావాలి. ముసాయిదాలోనే వాక్యాల వరుస మార్చుకుంటే ఆంగ్లంలోకి మార్చేటప్పుడు ఇబ్బంది ఉండదు.

మర్యాద ఎక్కడ ఉంటుంది?
తెలుగులో గౌరవం ‘మీరు’, ‘గారు’, ‘గలరు’ వంటి మాటల్లో ఉంటుంది. వీటికి ఆంగ్లంలో సరిసమానమైన పదాలు లేవు. ఆ లోటు తీర్చడానికి చాలామంది ‘కైండ్లీ’, ‘రెస్పెక్టెడ్’, ‘హంబ్లీ’ వంటి మాటలను వాక్యానికి ఒకటి చొప్పున చేరుస్తారు. నిజానికి ఆంగ్లంలో మర్యాద ప్రశ్న అడిగే తీరులో ఉంటుంది. ‘తేదీ మార్చండి’ అన్నదానికి ముందు ‘కైండ్లీ’ తగిలించినా అది ఆజ్ఞగానే వినిపిస్తుంది. ‘మే ఐ ఆస్క్ వెదర్’ అని మొదలుపెడితే ఆ ఒక్క మాటతోనే వినయం వచ్చేస్తుంది. చట్టం దృష్టిలో విచారణగా నిలిచేదీ, మర్యాద దృష్టిలో విన్నపంగా నిలిచేదీ ఒకే వాక్యం కావడం గమనించవలసిన విషయం.

‘నోటీసు ఉన్నది’ అన్న తెలుగు వాక్యాన్ని ‘ఐ యామ్ హ్యావింగ్ నోటీస్’ అని మార్చడం మరో సాధారణ పొరపాటు. అలా రాస్తే తనకే నోటీసు అందిందన్న అర్థం వచ్చే ప్రమాదం ఉంది. నోటీసు కోరేది యజమాని కాబట్టి వాక్యానికి కర్త యజమాని కావాలి. అలాగే ‘వచ్చే సోమవారం’ అని రాయడం కూడదు. మెయిల్ ఏ రోజు తెరిచారన్నదాన్ని బట్టి దాని అర్థం మారిపోతుంది. 07/08 వంటి అంకెలను కొందరు ఆగస్టు 7గా, మరికొందరు జులై 8గా చదువుతారు. వారం, తేదీ, నెల పేరు, సంవత్సరం నాలుగూ రాస్తే సందేహానికి తావుండదు. వారం పేరు, తేదీ సరిపోయాయా లేదా అని క్యాలెండర్‌లో చూసుకోవడం కూడా అవసరమే.

అయిదు తెలుగు వాక్యాలు ఆంగ్లంలో ఇలా తయారయ్యాయి. జూన్ 13, శుక్రవారం ఉదయం ఆమె పంపిన మెయిల్ ఇది.

```
Subject: Offer letter dated 12 June 2025 - joining date

Dear Madam,

Thank you for the offer of Accounts Assistant.
I am happy with the terms and wish to join.

May I ask whether the joining date could be moved
from Monday, 23 June 2025 to Monday, 21 July 2025?

My present employer requires 30 days' notice, and
I can resign only after the date is settled.

If 21 July is too late, I could join on
Monday, 14 July 2025.

I will sign and return the letter as soon as I hear
from you. I have noted that it is due by 5 p.m. on
Monday, 16 June.

Yours sincerely,
```

కింద పేరు, సెల్ నంబరు రాశారు. కొత్త మెయిల్ తెరవకుండా ఆఫర్ వచ్చిన మెయిల్‌కే జవాబుగా పంపారు. ఇలా చేస్తే పాత ఉత్తరం వెతుక్కునే పని అవతలివారికి ఉండదు. ఆఫర్ మెయిల్‌లో మరికొందరి చిరునామాలు కూడా ఉంటే ‘రిప్లై ఆల్’ నొక్కడం మేలు. తేదీ మార్పుపై నిర్ణయం తీసుకొనే విభాగాధిపతి అందులో ఉండవచ్చు.

రెండో తేదీ ముందే చెప్పవచ్చా?
బేరం తెలిసినవారు ఇక్కడ అభ్యంతరం చెబుతారు. జులై 14న రాగలనని ముందే చెప్పేస్తే 21 ఎవరిస్తారన్నది వారి ప్రశ్న. అందులో నిజముంది. వ్యవధి ఉంటే మొదట ఒక్క తేదీనే అడిగి, కుదరదంటే రెండోది చెప్పడం లాభదాయకం. ఆమెకు ఆ వ్యవధి లేదు. శుక్రవారం మెయిల్ పంపితే మధ్యలో శని, ఆదివారాలు వస్తాయి. సోమవారం సాయంత్రానికి గడువు ముగుస్తుంది. ఒక్క విడత ఉత్తర ప్రత్యుత్తరాలకే సమయం ఉన్నందున రెండు తేదీలూ ఒకేసారి చెప్పారు. నాలుగు రోజుల వేతనం పోయినా కొలువు నిలవడం ముఖ్యమనుకున్నారు. మూడో తేదీ మాత్రం ఇవ్వలేదు. చేరలేని తేదీని మొహమాటానికి చెప్పడం కంటే చెప్పకపోవడమే నయం.

సంస్థ వైపు కూడా ఒక లెక్క ఉంటుంది. కొత్తగా చేరేవారికి బృందంగా శిక్షణ ఇస్తారు. ఆ బృందం మొదలయ్యే రోజు తప్పితే మళ్లీ తదుపరి బృందం వరకు ఆగవలసిందే. ఖాళీ అయిన స్థానంలో పనిచేస్తున్న వ్యక్తి వెళ్లిపోయేలోగా పని అప్పగింత జరగాలి. జీతాల జాబితా నెలలో ఒక తేదీకి ముగిస్తారు. ఆ తరువాత చేరినవారి మొదటి జీతం తరువాతి నెలలో కలిపి ఇచ్చే సంస్థలు ఉన్నాయి. ఇవన్నీ బయటివారికి తెలియవు. అందుకే కచ్చితమైన తేదీ అడగాలి తప్ప ‘కొద్దిరోజులు’ అనరాదు. తేదీ తెలిస్తేనే వారు తమ లెక్కతో సరిచూసుకోగలరు.

కారణం ఒక్కటే చాలు
నోటీసు గడువు, పరీక్ష, ధ్రువపత్రం అందవలసి ఉండటం, నిశ్చయమైన శస్త్రచికిత్స, ఇంట్లో పెళ్లి.. ఏదైనా సరే, ఉన్న కారణం ఒక్కటి ఒక్క వాక్యంలో చెబితే సరిపోతుంది. నాలుగు కారణాలు చెబితే ఏదీ బలంగా నిలవదు. లేని కారణం కల్పించడం మరింత ప్రమాదకరం. చేరిన తరువాత రిలీవింగ్ లెటర్ అడుగుతారు. అందులోని చివరి పనిదినం, మెయిల్‌లో చెప్పిన దానితో సరిపోలాలి. భవిష్యనిధి ఖాతాలోనూ పాత సంస్థ నుంచి వైదొలగిన తేదీ నమోదవుతుంది. అబద్ధం ఏదో ఒకచోట బయటపడుతుంది.

జవాబు ఎలా చదవాలి?
ఆమెకు సోమవారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. జులై 21 కుదరదని, 14న చేరవచ్చునని, సవరించిన పత్రం పంపుతామని అందులో ఉంది. 3 గంటలకు కొత్త తేదీతో పత్రం వచ్చింది. సంతకం చేసి 5 గంటలలోపు పంపారు. ఆ తరువాతే పాత సంస్థకు రాజీనామా ఇచ్చారు. మిగిలి ఉన్న సెలవులను ఆ నాలుగు రోజులకు సర్దుబాటు చేయమని కోరగా రెండు రోజులకు ఒప్పుకున్నారు. మిగిలిన రెండు రోజుల వేతనం, సుమారు రూ.1,150 మినహాయించుకొని జులై 11న రిలీవింగ్ లెటర్ ఇచ్చారు.

అందరికీ ఇంత స్పష్టమైన జవాబు రాదు. ‘నోటెడ్’ అని ఒక్కమాట వస్తే అది ఒప్పుకోలు కాదు. మీ మెయిల్ చూశామని మాత్రమే అర్థం. ‘చూసి చెబుతాం’ అన్నదీ అంతే. ఫోన్‌లో సరేనన్నా కూడా కాగితం మీద పాత తేదీయే ఉంటుంది. అటువంటప్పుడు ఫోన్ పెట్టేసిన వెంటనే ‘జులై 14న చేరవచ్చునని ఈ రోజు ఫోన్‌లో తెలిపినందుకు కృతజ్ఞతలు, దయచేసి ధ్రువీకరించగలరు’ అన్న భావంతో రెండు వాక్యాల మెయిల్ పంపాలి. కొత్త తేదీతో పత్రం గానీ, తేదీ స్పష్టంగా రాసిన మెయిల్ గానీ చేతికి వచ్చేవరకు రాజీనామా ఇవ్వకపోవడమే క్షేమం.

గడువు రోజు మధ్యాహ్నం వరకు ఏ జవాబూ రాకపోతే ఆఫర్ లెటర్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగాలి. మౌనాన్ని అంగీకారంగా భావించరాదు. కుదరదన్న జవాబే వస్తే నిర్ణయం ఇక అభ్యర్థిదే. నోటీసుకు బదులు మొత్తం వేతనం చెల్లించి వెళ్లడమా, ఈ అవకాశం వదులుకోవడమా తేల్చుకోవలసి ఉంటుంది. నోటీసు ఇవ్వకుండా మధ్యలో వెళ్లిపోతే రిలీవింగ్ లెటర్ అందక కొత్తచోట కూడా ఇబ్బంది ఎదురయ్యే అవకాశం ఉంది.

నెట్ సెంటర్‌లో జాగ్రత్త
సొంత కంప్యూటర్ లేనివారు సెల్‌ఫోన్‌లోనే ఈ మెయిల్ రాయవచ్చు. నెట్ సెంటర్‌కు వెళితే అక్కడివారి ఐడీ నుంచి పంపించరాదు. ఇంటర్వ్యూకు ఇచ్చిన చిరునామా నుంచే వెళ్లాలి. లేకుంటే ఎవరు రాశారో తెలియక పక్కన పెట్టేస్తారు, వచ్చే జవాబు కూడా మనకు చేరదు. ఇతరులు టైపు చేసినా పంపే ముందు ప్రతి వాక్యాన్ని తెలుగు ముసాయిదాతో సరిచూసుకోవాలి. తెలుగులో లేని మాట ఆంగ్లంలో చేరితే దాని అర్థం అడిగి తెలుసుకోవాలి. పని ముగిశాక ఖాతా నుంచి బయటకు వచ్చామా లేదా అన్నది చూసుకోవాలి.

ఇదంతా ప్రైవేటు సంస్థలకు వర్తించే విషయం. ప్రభుత్వ నియామకాల్లో చేరే గడువు నియామక ఉత్తర్వుల్లోనే ఉంటుంది. పొడిగింపు కావలసినవారు ఆ గడువు ముగియకముందే నియామక అధికారికి లిఖితపూర్వకంగా దరఖాస్తు చేసుకోవలసి ఉంటుంది. అక్కడ నిబంధనలే తప్ప బేరసారాలకు తావు లేదు.